ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ లెడ్జర్ క్రెడిట్ నిల్వ చూపిస్తోంది: జిన్నింగ్ మిల్లు ఫైర్ పాలసీ సర్దుబాటు

చిట్యాల పత్తి

అందరికీ నమస్కారం. చిట్యాల దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో ఈ ఫిబ్రవరి నుంచి లెక్కలు చూస్తున్నాను. మిల్లుకు బ్యాంకులో సీసీ ఖాతా ఉన్నందున, నిల్వ సరుకు మీద ఫైర్ పాలసీ ప్రీమియంను బ్యాంకువారే ఆ ఖాతా నుంచి నేరుగా చెల్లిస్తారు. పాలసీ 2024 నవంబర్ 10 నుంచి 2025 నవంబర్ 9 వరకు ఉంది. ప్రీమియం రూ. 2,19,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 39,420, మొత్తం రూ. 2,58,420.

నాకు ముందు పనిచేసినవారు నవంబర్‌లో ఆ మొత్తాన్నంతా ఇన్సూరెన్స్ ఖర్చుకు డెబిట్ చేసి, బ్యాంకుకు క్రెడిట్ చేశారు. ఆ తర్వాత మొత్తాన్ని 12తో భాగించి, నవంబర్ నుంచి మార్చి వరకు నెలకు రూ. 21,535 చొప్పున ఇన్సూరెన్స్ ఖర్చుకు డెబిట్, ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్‌కు క్రెడిట్ రాస్తూ వచ్చారు. మార్చి నెల పద్దును వారి పద్ధతి చూసి నేనే రాశాను. ఇప్పుడు మార్చి 31 నాటి ట్రయల్ బ్యాలెన్స్‌లో ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ రూ. 1,07,675 క్రెడిట్‌గా కనిపిస్తోంది, ఇన్సూరెన్స్ ఖర్చు రూ. 3,66,095గా ఉంది. కట్టిందే రెండు లక్షల యాభై ఎనిమిది వేలయితే, అయిదు నెలల ఖర్చు అంతకు మించి ఎలా వస్తుంది? ఎక్కడ తప్పిందో అర్థమవుతోంది కానీ, ఏ పద్దు రాస్తే సరిపోతుందో తేల్చుకోలేకపోతున్నాను. ఆడిట్‌కు పుస్తకాలు ఇవ్వకముందే సరిచేయాలి.

పాలమూరు గుమాస్తా

ఇందులో కంగారుపడవలసినదేమీ లేదు తమ్ముడూ. ఆ అయిదు జర్నల్ పద్దులను తీసేయండి. ప్రీమియం పన్నెండు నెలలది, మార్చి వరకు అయిదు నెలలు గడిచాయి, ఇంకా ఏడు నెలలు మిగిలాయి. 2,58,420ని 12తో భాగించి 7తో గుణిస్తే రూ. 1,50,745 వస్తుంది. ఆ మొత్తాన్ని మార్చి 31న ప్రీపెయిడ్‌కు డెబిట్ చేసి, ఖర్చుకు క్రెడిట్ చేయండి. ఏప్రిల్ 1న అదే పద్దును తిరగేసి రాస్తే కొత్త సంవత్సరపు ఖర్చుగా మారిపోతుంది. మహబూబ్‌నగర్‌లో మేము అన్ని షాపులకు ఇలాగే చేస్తాము, ప్రతి నెలా రాయవలసిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు.

వనపర్తి కిరాణం

ఇదే సందర్భంలో నాదొక సందేహం. మా కిరాణా దుకాణం ఖాతా నుంచి యజమాని జీవిత బీమా ప్రీమియం ఏడాదికొకసారి జనవరిలో కడుతున్నాము. దానిలో కూడా తొమ్మిది నెలల భాగాన్ని ప్రీపెయిడ్‌గా చూపాలా? ఇంతవరకు మొత్తం ఖర్చులోనే రాస్తున్నాము.

పానగల్లు పద్దులు

వనపర్తి కిరాణం గారూ, మీది వేరే విషయం. యజమాని సొంత జీవిత బీమా దుకాణం ఖర్చు కాదు కాబట్టి, దానిలో పంచవలసిన భాగమే ఉండదు. కట్టిన మొత్తమంతా యజమాని సొంత వాడకాల ఖాతాకు వెళ్లాలి. మీరు ఖర్చులో రాస్తున్నదాన్ని ముందు అక్కడికి మార్చండి.

చిట్యాల పత్తి గారూ, ఇక మీ ప్రశ్నకు వస్తాను. ముందస్తు ప్రీమియంను పుస్తకంలో చేర్చడానికి రెండు దారులున్నాయి, రెండూ సరైనవే. కట్టిన రోజున మొత్తాన్ని ప్రీపెయిడ్‌లో ఆస్తిగా చూపితే, ఆ తర్వాత గడిచిపోయిన కాలానికి తగిన భాగాన్ని ఖర్చుకు డెబిట్ చేసి ప్రీపెయిడ్‌కు క్రెడిట్ చేస్తూ పోవాలి. కట్టిన రోజునే మొత్తాన్ని ఖర్చులో రాసేస్తే, సంవత్సరం చివర ఇంకా గడవని కాలానికి తగిన భాగాన్ని ప్రీపెయిడ్‌కు డెబిట్ చేసి ఖర్చుకు క్రెడిట్ చేయాలి. మొదటి దారిలో సర్దుబాటు పద్దులోకి వెళ్లేది గడిచిన భాగం, రెండో దారిలో వెళ్లేది మిగిలిన భాగం, పద్దు దిశ కూడా రెండింటిలో ఎదురెదురుగా ఉంటుంది. మీ పుస్తకంలో నవంబర్ పద్దు రెండో దారిలో ఉంది, నెలవారీ పద్దులు మొదటి దారిలో ఉన్నాయి. ప్రీపెయిడ్‌లోకి ఒక్క రూపాయి కూడా చేరకుండానే దానిలోంచి ప్రతి నెలా తీశారు కాబట్టే అది క్రెడిట్‌లోకి వెళ్లింది. ఖర్చులో అప్పటికే మొత్తం ఉండగా మళ్లీ మళ్లీ చేర్చారు కాబట్టే అది కట్టిన డబ్బును మించింది. ప్రీపెయిడ్ లెడ్జర్ ఏ నెలాఖరునైనా క్రెడిట్ నిల్వ చూపిస్తే, ముందుగా వెతకవలసినది ఈ కలగలుపునే.

పాలమూరు గుమాస్తా గారు సూచించిన పద్దు దిశ మీ సందర్భానికి సరైనదే. ఆయన అంకెతో మాత్రం నేను ఏకీభవించలేను. అందులో రెండు లెక్కలు తప్పాయి, అవి ఒకదానికొకటి ఎదురుగా పనిచేసి తేడాను కొంత కప్పేశాయి.

మొదటిది జీఎస్టీ. మీరు దూది బేళ్లను పన్ను కట్టి అమ్ముతారు కాబట్టి, సరుకు మీద తీసుకున్న ఫైర్ పాలసీకి కట్టిన పన్నును ఇన్‌పుట్‌గా వాడుకునే హక్కు మీకుంది. తిరిగి వాడుకోగలిగిన పన్ను ఖర్చు కాదు, అలాంటప్పుడు దానిని నెలల మీద పంచే ప్రసక్తే రాదు. పాలసీ ఏడాది పొడవునా నడిచినా, ఇన్‌పుట్ మాత్రం ఒకేసారి మొత్తంగా దక్కుతుంది. కాబట్టి పంచవలసినది రూ. 2,19,000 మాత్రమే.

రెండోది నవంబర్ నెల. పాలసీ పదో తేదీన మొదలైంది, మొదటి తొమ్మిది రోజులకు రక్షణే లేదు. అయినా అయిదు నెలలని లెక్కపెడితే, ఆ తొమ్మిది రోజుల భారం కూడా ఈ సంవత్సరం మీద పడుతుంది. రోజుల లెక్కన చూడండి. 2,19,000ని 365తో భాగిస్తే రోజుకు సరిగ్గా రూ. 600. నవంబర్‌లో 21 రోజులు, డిసెంబర్‌లో 31, జనవరిలో 31, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31, మొత్తం 142 రోజులు. అంటే 2024-25 ఖర్చు రూ. 85,200, మార్చి 31న మిగిలిన 223 రోజులకు ప్రీపెయిడ్ రూ. 1,33,800.

పాలమూరు గుమాస్తా

జీఎస్టీ విషయం ఒప్పుకుంటాను. మా షాపుల్లో ఎక్కువమంది కాంపొజిషన్‌లో ఉన్నందున మాకు ఇన్‌పుట్ రాదు, అందువల్ల నేను మొత్తం మీద లెక్క కట్టాను. కానీ రోజుల లెక్క అవసరమా? నెలల లెక్కన అయినా ప్రీపెయిడ్ రూ. 1,27,750 వస్తుంది. మీ అంకెకు, దానికి తేడా రూ. 6,050 మాత్రమే. ఇంత పెద్ద మిల్లులో ఆరు వేల తేడాను ఎవరు అడుగుతారు?

పానగల్లు పద్దులు

ఆరు వేల కోసమే అయితే నేనూ పట్టుబట్టను. ఒక మోటారు సైకిల్‌కు ఏటా అదే నెలలో కట్టే చిన్న ప్రీమియంకు ఎవరైనా రోజుల లెక్క వేస్తే, వద్దనే చెబుతాను. అక్కడ నిరుటి భాగం, ఈ ఏటి భాగం దాదాపు సమానంగా ఉంటాయి, మొత్తాన్ని ఖర్చులో రాసినా ఏమీ మారదు.

ఫైర్ పాలసీకి రోజుల లెక్క పెట్టుకోమనడానికి నా కారణం వేరు. ఏ నెలాఖరున అయినా పాలసీ కాగితం ఒక్కటి చేతిలో ఉంటే, మిగిలిన రోజులను లెక్కపెట్టి 600తో గుణించి, ఆ అంకె లెడ్జర్ నిల్వతో సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. ఉదాహరణకు 2025 జూన్ 30న మిగిలేవి 132 రోజులు. ఆ రోజు ప్రీపెయిడ్ రూ. 79,200 ఉంటే పుస్తకం సరిగా ఉన్నట్టు. లేకపోతే ఏదో ఒక నెల పద్దు తప్పిపోయిందని, లేదా రెండుసార్లు పడిందని అప్పుడే తెలిసిపోతుంది. అర నెలను కొందరు పూర్తి నెలగా, కొందరు సగంగా, కొందరు సున్నాగా తీసుకుంటారు కాబట్టి, నెలల లెక్కలో అలాంటి సరిచూపు కుదరదు.

చిట్యాల పత్తి

అక్కా, చాలా స్పష్టంగా చెప్పారు. అయితే ఇప్పుడు పాత పద్దులను తొలగించాలా, లేక సవరణ పద్దులు రాయాలా? నెలవారీ లాభనష్టాల కాగితాలు డిసెంబర్ నుంచి భాగస్తులకు ఇప్పటికే వెళ్లాయి.

పానగల్లు పద్దులు

భాగస్తుల చేతికి వెళ్లిన నెలల పద్దులను తొలగించకండి. పాత కాగితానికి, కొత్త పుస్తకానికి పొంతన లేకపోతే రేపు జవాబు చెప్పవలసింది మీరే. మార్చి 31 తేదీతో మూడు జర్నల్ పద్దులు రాయండి, ప్రతిదాని కింద వివరణ పూర్తిగా ఉండాలి.

మొదటిది, తప్పుగా పడిన అయిదు నెలల పద్దులను వెనక్కు తిప్పడానికి ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్‌కు డెబిట్ రూ. 1,07,675, ఇన్సూరెన్స్ ఖర్చుకు క్రెడిట్ రూ. 1,07,675. దీనితో ప్రీపెయిడ్ సున్నా అవుతుంది, ఖర్చు తిరిగి రూ. 2,58,420 దగ్గరకు వస్తుంది.

రెండోది పన్నును ఖర్చులోంచి వేరు చేయడానికి. బీమా కంపెనీ తెలంగాణ నంబరు మీద, అంటే 36తో మొదలయ్యే జీఎస్టీ నంబరు మీద, బిల్లు ఇచ్చి ఉంటే ఇన్‌పుట్ సీజీఎస్టీకి డెబిట్ రూ. 19,710, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీకి డెబిట్ రూ. 19,710, ఇన్సూరెన్స్ ఖర్చుకు క్రెడిట్ రూ. 39,420. ఈ పద్దు రాసేముందు జీఎస్టీఆర్-2బీలో ఆ బిల్లు కనిపిస్తోందో లేదో తప్పకుండా చూడండి. బ్యాంకు ద్వారా కట్టిన పాలసీలలో మిల్లు జీఎస్టీ నంబరు ఇవ్వకుండానే పాలసీ తీసిన సందర్భాలు ఉంటాయి. అలా అయితే ఇన్‌పుట్ కనిపించదు, బీమా కంపెనీతో బిల్లు సరిచేయించుకోవాలి. 2024-25 బిల్లుల మీద ఇన్‌పుట్ తీసుకోవడానికి 2025 నవంబర్ 30 వరకు గడువుంది, ఆలోపే వార్షిక రిటర్న్ వేస్తే ఆ తేదీతోనే గడువు ముగుస్తుంది.

మూడోది అసలు సర్దుబాటు. ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్‌కు డెబిట్ రూ. 1,33,800, ఇన్సూరెన్స్ ఖర్చుకు క్రెడిట్ రూ. 1,33,800. ఇప్పుడు ఖర్చు లెడ్జర్ తెరిస్తే రూ. 85,200 మిగలాలి, ప్రీపెయిడ్ రూ. 1,33,800 డెబిట్‌గా ఉండాలి, రెండూ కలిపితే ప్రీమియం రూ. 2,19,000 రావాలి. మూడు పద్దులను ఒకటిగా కలిపి రాయాలని అనిపించవచ్చు, కలపకండి. విడివిడిగా ఉంటే ఆడిట్‌కు వచ్చినవారికి ఏది తప్పు సవరణ, ఏది పన్ను, ఏది సర్దుబాటు అన్నది మీరు పక్కన లేకపోయినా అర్థమవుతుంది.

దేవరకొండ దారి

టాలీలో రివర్సింగ్ జర్నల్ అని ఒక వోచర్ ఉంది కదా. మూడో పద్దును దానిలో రాస్తే, ఏప్రిల్ 1న దానంతట అదే తిరగబడుతుంది, మళ్లీ రాయవలసిన పని ఉండదు. ఎవరూ చెప్పలేదని చెబుతున్నాను.

పానగల్లు పద్దులు

దయచేసి అలా చేయకండి. పేరు చూసి చాలామంది అలాగే అనుకుంటారు. ఆ వోచర్ అసలు పుస్తకాల మీద ప్రభావం చూపదు, సినారియో పెట్టుకొని చూసే నివేదికల్లోనే కనిపిస్తుంది. మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో మీ ప్రీపెయిడ్ రాకుండా పోతుంది. F7 నొక్కితే వచ్చే మామూలు జర్నల్‌లోనే రాయాలి, ప్రీపెయిడ్ లెడ్జర్ కరెంట్ ఆస్తుల కింద ఉండాలి.

ఏప్రిల్ 1న మొత్తాన్ని తిరగేయడం గురించి కూడా ఒక మాట. ఏడాదికొకసారే లెక్క చూసుకునే దుకాణానికి పాలమూరు గుమాస్తా గారి పద్ధతి సరిపోతుంది. భాగస్తులు నెలనెలా లాభనష్టాలు చూసే మిల్లుకు అది సరిపోదు, ఎందుకంటే ఏప్రిల్ ఒక్క నెల మీదే రూ. 1,33,800 భారం పడి, మే నుంచి నవంబర్ వరకు ఇన్సూరెన్స్ ఖర్చే లేనట్టు కనిపిస్తుంది. ఏప్రిల్‌లో తిరగేసి, ఆ పైన నెలవారీ పద్దులు కూడా రాస్తే, మళ్లీ ఇప్పటి చిక్కే ఎదురవుతుంది. అందుకే మీరు ఏప్రిల్ 1న ఏమీ తిరగేయకండి. ఏప్రిల్ 30న ఖర్చుకు డెబిట్, ప్రీపెయిడ్‌కు క్రెడిట్ రూ. 18,000 రాయండి, మేకు రూ. 18,600, అలా రోజులను బట్టి సాగించండి. నవంబర్‌లో తొమ్మిది రోజులకు రూ. 5,400 రాయగానే లెడ్జర్ సున్నా కావాలి. కొత్త పాలసీ ప్రీమియం వచ్చినప్పుడు మాత్రం మొదటి రోజే ప్రీపెయిడ్‌లో చేర్చండి, అదీ పన్ను తీసేసిన అంకెతో.

మిర్యాల మరబియ్యం

మాది మిర్యాలగూడలో బియ్యం మిల్లు. పానగల్లు అక్క చెప్పిన పన్ను నియమాన్ని బియ్యం మిల్లువారు యథాతథంగా తీసుకోకూడదని చెప్పడానికి రాస్తున్నాను. 25 కిలోలు, అంతకు తక్కువ ప్యాకెట్లలో లేబుల్ వేసి అమ్మే బియ్యానికి పన్ను ఉంది, పెద్ద బస్తాల్లో అమ్మే బియ్యానికి లేదు. మా అమ్మకాల్లో చాలా భాగం పన్ను లేని బస్తాలే కాబట్టి, ఫైర్ పాలసీ మీది పన్నులో మాకు దక్కేది కొంతే. దక్కని భాగం మాకు ఖర్చే అవుతుంది, దానిని ప్రీమియంతో కలిపి రోజుల మీద పంచవలసిందే. ఎంత దక్కుతుందన్నది సంవత్సరం చివర అమ్మకాలను బట్టి మారుతుంది కాబట్టి, మేము మార్చిలో మరొకసారి సరిచేస్తాము.

పానగల్లు పద్దులు

సరిగ్గా చెప్పారు. నియమం ఒక్కటే: తిరిగి రాని పన్ను ప్రీమియంలో భాగం, తిరిగి వచ్చే పన్ను కాదు. జిన్నింగ్ మిల్లు ఒక వైపు, కాంపొజిషన్ దుకాణం మరో వైపు ఉంటే, బియ్యం మిల్లు నడుమ ఉంటుంది.

చిట్యాల పత్తి

మూడు పద్దులు రాశాను, అంకెలు మీరు చెప్పినట్టే సరిపోయాయి. 2బీలో బిల్లు కూడా కనిపించింది. ఇప్పుడు మరొకటి గమనించాను. పత్తి నిల్వ పెరిగిందని జనవరి 10 నుంచి బీమా మొత్తాన్ని పెంచుతూ పాలసీకి ఒక అదనపు పత్రం తీసుకున్నారు. దానికి పన్ను కాకుండా రూ. 15,200 కట్టారు. దీన్నీ 365తోనే భాగించాలా?

పానగల్లు పద్దులు

భాగించకూడదు. ఆ అదనపు రక్షణ జనవరి 10న మొదలై, అసలు పాలసీతో పాటే నవంబర్ 9న ముగుస్తుంది, అంటే 304 రోజులు. రోజుకు రూ. 50. మార్చి 31 వరకు 81 రోజులకు రూ. 4,050 ఖర్చు, మిగిలిన రూ. 11,150 ప్రీపెయిడ్. దీనికి వేరే లెడ్జర్ అక్కరలేదు కానీ, పాలసీవారీగా రోజుల పట్టిక ఒకటి పక్కన పెట్టుకోండి. ఏప్రిల్ 1 నుంచి రెండింటికీ కలిపి రోజుకు రూ. 650 అవుతుంది, కాబట్టి నేను పైన చెప్పిన నెలవారీ అంకెలను, జూన్ 30 నిల్వను కూడా ఆ ప్రకారం మార్చుకోండి. జూన్ 30న చూడవలసినది రూ. 85,800.

దేవరకొండ దారి

నాకు ఇంకొక అభ్యంతరం ఉంది. జిన్నింగ్ మిల్లులో నిల్వ నిండుగా ఉండేది నవంబర్ నుంచి మార్చి వరకే. వేసవి చివరికి గోదాములు దాదాపు ఖాళీ. అగ్నిప్రమాద భయం ఉండేది సీజన్‌లో అయితే, ప్రీమియంను ఏడాదంతా సమానంగా పంచడం న్యాయమేనా? సీజన్ నెలల మీదే ఎక్కువ వేయడం నిజానికి దగ్గరగా ఉండదా?

పానగల్లు పద్దులు

మంచి ప్రశ్న, దీనిని తోసిపుచ్చలేను. అయినా సమానంగా పంచడమే సరైనదని నా అభిప్రాయం. మీరు కొన్నది నిర్ణీత మొత్తానికి ఏడాది రక్షణ. ఆగస్టులో గోదాము ఖాళీగా ఉందని బీమా కంపెనీ ఏమీ తగ్గించదు, ఆగస్టులో హఠాత్తుగా సరుకు నింపినా అదే రక్షణ వర్తిస్తుంది. మీరు చెప్పినట్టు పంచితే, మార్చి 31న ప్రీపెయిడ్ ఎంత ఉండాలన్నది నిల్వ అంచనా మీద ఆధారపడుతుంది, పాలసీ కాగితం చూసి ఎవరూ దానిని సరిచూడలేరు.

మిర్యాల మరబియ్యం

డిక్లరేషన్ పాలసీ అయితే దేవరకొండ అన్న మాటలో బలం ఉంది. అక్కడ నెలనెలా నిల్వ విలువను బీమా కంపెనీకి తెలియజేస్తాము, పాలసీ ముగిశాక సగటు నిల్వను బట్టి ప్రీమియంను సర్దుబాటు చేసి కొంత తిరిగి ఇస్తారు. అంటే మొదట కట్టినది తాత్కాలిక ప్రీమియం మాత్రమే. అలాంటప్పుడు మార్చి 31న మొత్తం ప్రీమియం మీద రోజుల లెక్క వేస్తే, తిరిగి రాబోయే డబ్బును కూడా ఖర్చుగా, ప్రీపెయిడ్‌గా చూపినట్టు అవుతుంది కదా? మా ఆడిటర్ తిరిగి వచ్చే మొత్తాన్ని ఖరారయ్యేవరకు ముట్టుకోవద్దంటారు. మా భాగస్తులలో ఒకరు మాత్రం, నెలనెలా పంపిన విలువలు మన దగ్గరే ఉన్నాయి కాబట్టి ఇప్పుడే అంచనా కట్టవచ్చునంటారు.

పానగల్లు పద్దులు

నేను మీ ఆడిటర్ వైపే ఉంటాను. మార్చి తర్వాత ఇంకా ఏడు నెలల నిల్వలు తెలియవలసి ఉండగా, సగటు ఎక్కడ నిలుస్తుందో ఎవరు చెప్పగలరు? పాలసీ ముగిసి, కంపెనీ లెక్క ఖరారు చేసిన నెలలోనే తిరిగి వచ్చిన మొత్తాన్ని ఇన్సూరెన్స్ ఖర్చుకు క్రెడిట్ చేయిస్తాను.

దేవరకొండ దారి

పాలసీ జనవరిలోనో ఫిబ్రవరిలోనో ముగిసి, కంపెనీ లెక్క మాత్రం మే నెలలో వస్తే? అప్పుడు మార్చి 31 నాటికి అన్ని నిల్వలూ తెలిసినవే, రాకపోయింది కాగితం ఒక్కటే. ఆ మొత్తాన్ని పాత సంవత్సరంలో రావలసినదిగా చూపకపోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

పానగల్లు పద్దులు

ఆ సందర్భంలో మీ మాట వైపే మొగ్గుతాను, అంకెను కంపెనీ రేటు ప్రకారం కట్టగలిగితే. చిట్యాల పత్తి గారూ, మీది ఏ రకం పాలసీ అన్నది ఇంతవరకు మీరు చెప్పలేదు. పాలసీ మొదటి పేజీ ఒకసారి చూసి రాయండి.

చిట్యాల పత్తి

చూశాను అక్కా. డిక్లరేషన్ అన్న మాట ఎక్కడా లేదు, బీమా మొత్తం ఏడాదికి ఒకటే, జనవరి పత్రంతో పెరిగింది అంతే. రోజుల పట్టికను రెండు వరుసలతో తయారు చేశాను, ఏప్రిల్ పద్దు రూ. 19,500గా రాస్తున్నాను.